రెండు కాసులు, 501 రూపాయల రసీదు

ఈసారి కాస్త పెద్దగానే రాశాను. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ వచ్చే సర్వసభ్య సమావేశం లోపల చదవండి. ఇందులో సంఘం డబ్బు సంగతి ఉంది, నా తప్పు కూడా ఉంది.

మొన్న ఆదివారం మా చర్చిలో బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పాస్టరు గారు ప్రసంగం చేశారు. వాక్యం ఏమిటంటే, బీద విధవరాలు దేవాలయం కానుక పెట్టెలో వేసిన రెండు కాసులు. మార్కు సువార్త 12వ అధ్యాయం చివర్లో ఉంటుంది, లూకా 21లో కూడా ఉంటుంది. చర్చికి వెళ్ళని సభ్యుల కోసం కథ రెండు మాటల్లో చెప్తాను. యేసు యెరూషలేము దేవాలయంలో కానుక పెట్టెలకు ఎదురుగా కూర్చుని జనం డబ్బు వేయడం చూస్తున్నాడు. డబ్బున్నవాళ్ళు చాలా వేస్తున్నారు. ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసింది. ఆయన శిష్యుల్ని పిలిచి, ఈమె అందరికంటే ఎక్కువ వేసింది, వాళ్ళు మిగులులో నుంచి వేశారు, ఈమె లేమిలో నుంచి తనకున్న జీవనమంతా వేసింది అన్నాడు. కథ అంతే.

ఈ కథ చిన్నప్పటి నుంచి కనీసం నలభైసార్లు విని ఉంటాను. దాదాపు ప్రతిసారీ కానుక సంచి తిప్పే ముందే విన్నాను. పోయిన దీపావళి తర్వాత మన కమ్యూనిటీ హాలు నిధి సభలో నేనే ఈ కథ చెప్పాను. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు, చప్పట్లు కొట్టారు కూడా.

గుర్తు లేనివాళ్ళకు చెప్తాను. ఆ రోజు రసీదు పుస్తకం నా దగ్గరే ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా రైల్వేలో రసీదులూ లెక్కలూ రాసినవాణ్ణి కాబట్టి ఈ పని ఎప్పుడూ నాకే వస్తుంది. మన సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. పేరు రాయను. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కాంట్రాక్టు కూలీగా చేశాడు, పెన్షన్ ఏమీ రాలేదు. ఆవిడకు సంజయ్ గాంధీ నిరాధార్ యోజన కింద నెలకు 1500 రూపాయలు వస్తాయి, బ్యాంకులో పడినప్పుడు. ఆవిడ నా టేబులు దగ్గరికి వచ్చి చీర కొంగు ముడి విప్పి 501 రూపాయలు ఇచ్చారు. నేను రసీదు రాసి ఇచ్చాను. ఆ తర్వాత మైకు తీసుకుని రెండు కాసుల కథ చెప్పి, ఆవిడను లేచి నిలబడమని చెప్పి, "ఈ అక్కే ఇంత ఇస్తే మనం ఎంత ఇవ్వాలి?" అన్నాను. ఆ పూట చందాలు బాగా పెరిగాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు నాకు నేనే మెచ్చుకున్నాను.

మన ఊరి పాత పేరే చాందా. చందా మాట మన నోట్లో నుంచి పోదు.

సరే, ప్రసంగానికి వస్తాను. పాస్టరు గారు కథ చదివి వెంటనే కానుక గురించి మాట్లాడలేదు. "బైబిల్ మూయకండి, పైన ఉన్న వచనం చదవండి" అన్నారు. పైన ఏముంది? యేసు శాస్త్రుల గురించి హెచ్చరిస్తున్నాడు. పొడుగు అంగీలు వేసుకుని తిరుగుతారు, బజారులో అందరూ నమస్కారం పెట్టాలని కోరుకుంటారు, విందుల్లో ముందు వరుస కావాలంటారు, దీర్ఘ ప్రార్థనలు చేస్తారు, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగుతారు. ఆ మాట అన్న తర్వాత మూడు నాలుగు వాక్యాల్లోనే ఒక విధవరాలు నడుచుకుంటూ వస్తుంది.

తర్వాత కింద చదవమన్నారు. కింద 13వ అధ్యాయం మొదలవుతుంది. శిష్యుడొకడు ఆ దేవాలయం రాళ్ళు చూసి ఎంత గొప్ప కట్టడాలు అంటాడు. వీటిలో రాయి మీద రాయి నిలవదు అంటాడు యేసు. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ దేవాలయాన్ని నిజంగానే పడగొట్టింది. అంటే ఆ విధవరాలు తన జీవనమంతా ఇచ్చింది ఎవరికి? పైన చూస్తే విధవల ఇళ్ళు మింగేవాళ్ళున్న వ్యవస్థకు, కింద చూస్తే నలభై ఏళ్ళలో నేలమట్టం కాబోయే కట్టడానికి. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. మార్కు రాసినప్పుడు ఆ గీత లేదు. ఆ గీత దగ్గర మనం ఆగిపోతాం, అందుకే రాళ్ళ సంగతి ఈ కథలో భాగమని మనకు తోచదు.

ఇంకొక మాట కూడా చెప్పారు, అది నాకు ఎక్కువ తగిలింది. మంచి సమరయుని కథ చివర యేసు, నీవూ వెళ్ళి అలాగే చేయి అంటాడు. ఇక్కడ అలా అనలేదు. ఆమె అందరికంటే ఎక్కువ వేసింది అన్నాడు, అంతే. మీరూ అలా వేయండి అనలేదు. ఆమెను పిలవలేదు, నిలబెట్టలేదు, ఆమెతో మాట్లాడనే లేదు. శిష్యుల్ని పక్కకు పిలిచి చెప్పాడు. నేను మైకులో చెప్పాను.

ఇంటికి వచ్చాక లెక్క కట్టాను. అలవాటు పోదు కదా. మార్కు గ్రీకులో ఆ నాణెం పేరు లెప్టాన్. యూదుల దగ్గర చెలామణిలో ఉన్న అన్నిటికంటే చిన్న రాగి నాణెం అది. రోమా పాఠకులకు అర్థం కావడానికి, ఇలాంటివి రెండు కలిపితే ఒక కొద్రాంతేస్ అని మార్కు లెక్క చెప్పాడు. అలాంటి కొద్రాంతేస్‌లు 64 అయితే ఒక దేనారం. దేనారం అంటే ద్రాక్షతోట కూలీల కథలో వచ్చే ఒక రోజు కూలి. మన దగ్గర అడ్డా మీద కూలీకి రోజుకు 500 అనుకోండి. 64తో భాగిస్తే 7 రూపాయల 80 పైసలు. ఒక్కొక్క కాసు నాలుగు రూపాయల లోపే. స్టేషన్‌లో ఒక టీ కూడా రాదు. నేను చదువుకున్నది తమిళ మీడియంలో, మా ఇంట్లో ఉన్నదీ తమిళ బైబిలే. అందులో "ఒక దుట్టుకు సరిపోయే రెండు కాసులు" అన్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు దుట్టు అంటే మాకు ఊరికే డబ్బు అని అర్థం, అందుకే ఏదో కొంచెం పెద్ద మొత్తమే అనుకునేవాణ్ణి.

రెండు కాసులు కాబట్టి ఒకటి వేసి ఒకటి ఉంచుకోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. నిజమే. సగం ఇచ్చినా పెద్ద దానమే అయ్యేది. ఆమె రెండూ వేసింది. గ్రీకులో "బియోస్" అని ఉంది. ఆ మాటకు బతుకు అనీ అర్థం ఉంది, బతుకుతెరువు అనీ ఉంది. తెలుగులో జీవనం అని పెట్టారు, అది సరిగ్గా సరిపోయింది.

మరి పెట్టెలు? ఆ రోజుల్లో దేవాలయం పద్ధతులు తర్వాత క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నా అనే యూదు గ్రంథంలో కూర్చారు. అందులో షెకలీమ్ అనే భాగం చాలావరకు డబ్బు వసూళ్ళ గురించే. మన రైల్వే కోడ్ పుస్తకం లాంటిది, చదివితే క్లర్కుకు సంతోషం. దేవాలయంలో పదమూడు పెట్టెలు ఉండేవని అందులో ఉంది. మూతి బూరలాగా సన్నం. కాసు వేయవచ్చు, చెయ్యి పెట్టి తీయలేరు. ఏ పెట్టె దేనికో రాసి ఉంటుంది. ఒకటి ఈ ఏడాది పన్నుకు, ఒకటి పోయిన ఏడాది బాకీకి, పక్షుల బలికి రెండు, కట్టెలకు ఒకటి, సాంబ్రాణికి ఒకటి, బంగారానికి ఒకటి, మిగతా ఆరు ఎవరి ఇష్టం కొద్దీ వేసే కానుకలకు.

అదే షెకలీమ్‌లో, పెట్టెల సంగతికి కొంచెం ముందు ఇంకొకటి ఉంది. దేవాలయంలో రెండు గదులు ఉండేవట. వాటిలో ఒకదాన్ని రహస్యాల గది అనేవారు. పాపభీతి ఉన్నవాళ్ళు అందులో గుట్టుగా డబ్బు పెట్టి వెళ్ళేవారు. బాగా బతికి చెడిన కుటుంబాల వాళ్ళు అదే గదిలో నుంచి గుట్టుగా తీసుకునేవారు. ఎవరు ఇచ్చారో తీసుకున్నవాడికి తెలియదు, ఎవరు తీసుకున్నారో ఇచ్చినవాడికి తెలియదు. ఒకే దేవాలయంలో, ఒకే ప్రహరీ లోపల, అందరూ చూసే పెట్టెలూ ఉన్నాయి, ఎవరూ చూడని గదీ ఉంది. నేను దీని మీద రెండు రోజులు ఆలోచించాను. మన హాలు ప్లానులో స్టేజీ ఉంది, భోజనాల హాలు ఉంది, వంటశాల ఉంది, దాతల పేర్లకు గ్రానైట్ బోర్డు ఉంది. ఆ రెండో గది మాత్రం లేదు.

ఈ కథను ఇలా చదవడం ఆ పాస్టరు గారు కనిపెట్టింది కాదు. అది మెచ్చుకోలు కాదు, బాధతో అన్న మాట అని 1982లో ఆడిసన్ రైట్ అనే అమెరికా కాథలిక్ పండితుడు వ్యాసం రాశారు. అప్పటి నుంచి బైబిల్ పండితుల్లో రెండు పక్షాలు. ఆమెను పొగిడాడని ఒకరు, ఆమె దోపిడీ చూసి ఏడ్చాడని ఒకరు. మా పాస్టరు గారు రెండో పక్షం. ఆమెను ఆపి కాసులు తిరిగి ఇచ్చేయాల్సింది అన్నంత దూరం వెళ్ళారు.

నేనూ అదే నమ్మి సోమవారం సాయంత్రం ఒక కవరులో 501 రూపాయలు, నా సొంత డబ్బు, పెట్టుకుని ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. సంగతి చెప్పాను. అక్కా, మిమ్మల్ని అలా నిలబెట్టడం నా తప్పు, ఈ డబ్బు ఉంచుకోండి, హాలు నిధికి మీ పేరు మీద నేను వేస్తాను అన్నాను.

ఆవిడకు కోపం వచ్చింది. "ఏంది తమ్మీ, ఆ కాంట్రాక్టరు పైసలు గూడ వాపస్ ఇచ్చినవా?" అన్నారు.

లేదు అన్నాను.

"మరి నాయి ఎందుకు ఇస్తవ్? నా పైసలకు ఏమైంది?"

నా దగ్గర జవాబు లేదు. కవరు జేబులో పెట్టుకున్నాను. ఆవిడ టీ పెట్టి తెచ్చారు.

అందుకే పండితుల్లో ఏ పక్షానికీ నేను పూర్తిగా వెళ్ళలేను. ఆ విధవరాలికి తెలివి లేక మోసపోయింది అనడం కూడా ఆమెను నిలబెట్టి చూపించడం లాంటిదే. యూదుల్లోనే లేవీయకాండానికి రాసిన పాత వ్యాఖ్యానంలో ఒక చిన్న కథ ఉంది. ఒక స్త్రీ గుప్పెడు పిండి కానుకగా తెచ్చింది. యాజకుడు చూసి, వీళ్ళు తెచ్చేది చూడండి, ఇందులో తినడానికి ఏముంది, అర్పించడానికి ఏముంది అని చులకన చేశాడు. ఆ రాత్రి అతనికి కలలో, ఆమెను చులకన చేయవద్దు, ఆమె తన ప్రాణం అర్పించినట్టే అని వినిపించింది. ఆ యాజకుడు చులకన చేసి తోసేశాడు, నేను జాలిపడి తిప్పి పంపబోయాను. తీసుకునే చేతిలో తప్పు ఎలాగైనా రావచ్చు.

టీ తాగుతూ, అక్కా, ఇంత ఎందుకు ఇచ్చారు అని అడిగాను. ఆవిడ చెప్పింది ఇది: "నేను పోయినంక నా పదకొండో దినం ఆ హాల్ల చేస్తరని ఇచ్చిన. మా ఇంట్ల పదిమంది కూసునే జాగ లేదు. మీ బావ దినం రోడ్డు మీద టెంట్ ఏసి చేసినం, వాన వచ్చింది."

ఇక్కడ మీరు మన కమిటీ పెట్టిన ముసాయిదా నియమాలు తీసి చూడండి. 11,000 రూపాయలు, ఆ పైన ఇచ్చిన దాతలకు ఏడాదికి ఒకసారి హాలు ఉచితం. మిగతా సభ్యులకు రోజుకు 6,000 అద్దె, కరెంటు వేరే. ఆ నియమం రాసినప్పుడు నేనూ టేబులు దగ్గర కూర్చున్నాను, సంతకం కూడా పెట్టాను. 501 ఇచ్చిన ఆవిడ పదకొండో దినానికి హాలు కావాలంటే ఇంట్లోవాళ్ళు 6,000 కట్టాలి. అది నాలుగు నెలల నిరాధార్ డబ్బు. 51,000 ఇచ్చినవారికి కూతురి పెళ్ళికి హాలు ఉచితం. ఆయన దగ్గర ఎంత మిగిలిందో నాకు తెలియదు, కానీ ఆ నెల ఆయన ఇంట్లో పప్పు ఏమీ పల్చబడి ఉండదు. ఆవిడ దగ్గర మిగిలింది 999 రూపాయలు, బియ్యం రేషన్‌లో వచ్చినా బీపీ మాత్రలు రేషన్‌లో రావు.

విధవల ఇళ్ళు దిగమింగడం అంటే ఎవరో పొడుగు అంగీ వేసుకుని వచ్చి తాళం పగలగొట్టడం అనుకునేవాణ్ణి. మీటింగు పెట్టి, టీ బిస్కెట్లు తిని, నియమం రాసి, సంతకం పెట్టి కూడా చేయవచ్చు.

ఇప్పుడు నా అభిప్రాయం. దానం పెద్దదా చిన్నదా అని యేసు ఇచ్చినదాన్ని బట్టి కొలవలేదు, ఇచ్చాక మిగిలినదాన్ని బట్టి కొలిచాడు. ఇది అందరూ చెప్తారు. కానీ ఆ కొలత తీసుకునేవాడికీ వర్తిస్తుంది అని ఎవరూ చెప్పరు. ఇచ్చినవారి దగ్గర ఏమీ మిగలకపోతే, అది వాళ్ళ గొప్పతనం కావచ్చు, మన బాకీ కూడా. ఆవిడ 501 ఇచ్చిన క్షణం నుంచి మన సంఘం ఆవిడకు బాకీ పడింది.

ఈ బాకీ రాకుండా చూసే పద్ధతులు కొత్తవేమీ కాదు. రెండో శతాబ్దంలో గలిలయలో ఊషా అనే ఊళ్ళో యూదు పెద్దలు, దానం చేసేవాడు తన ఆస్తిలో ఐదో వంతు మించి ఇవ్వకూడదు, ఇస్తే రేపు అతనే చేయి చాపాల్సి వస్తుంది అని తీర్మానం చేశారు. కొరింథు సంఘానికి చందా అడుగుతూ రాసిన ఉత్తరంలో పౌలు కూడా, ఒకరికి మేలు చేయడానికి మీరు కష్టపడాలని నేను అనడం లేదు, ఉన్నదాన్ని బట్టే ఇవ్వండి అన్నాడు. చందా అడిగేవాడే ఆ మాట అనడం చూడండి. నేను మైకు పట్టుకున్న రోజు నాకు ఆ ఉత్తరం గుర్తుకు రాలేదు.

దగ్గర ఉదాహరణ కావాలంటే మన లైనులోనే ఉంది. బల్హార్షా నుంచి బండి ఎక్కి కాజీపేట, వరంగల్ దాటి విజయవాడ వైపు వెళ్తే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం లైను విడిపోయేది అక్కడే. సర్వీసులో ఉన్నప్పుడు నాకు అది చార్టులో ఒక పేరు. ఆ ఊళ్ళో 1912 నుంచి 1945 మొదటి రోజు చనిపోయేవరకు వి.ఎస్. అజరయ్య గారు బిషప్‌గా ఉన్నారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. తిరునెల్వేలి వైపు వెళ్ళాళన్‌విళై గ్రామంలో పుట్టిన తమిళుడు, వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో పనిచేశారు. (తమిళంలో చదువుకుని తెలుగువాళ్ళ మధ్య బతికేవాడికి ఆయన మీద కాస్త పక్షపాతం ఉండటం సహజం, క్షమించండి.)

ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ వ్యవసాయ కూలీలు. చేతిలో రొక్కం ఆడేది కాదు. కూలి కూడా చాలాసార్లు గింజల్లోనే. వాళ్ళను చందా ఎలా అడగాలి? అడగకూడదు అనలేదు ఆయన. బీదవాడు కూడా ఇచ్చేవాడే, ఎప్పుడూ తీసుకునేవాడిగా ఉంచితే మనిషి తల ఎత్తడు అని ఆయన నమ్మకం. దానం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. అక్కడ ఇళ్ళల్లో సాగిన పద్ధతి గుప్పెడు బియ్యం. ఎసరు పెట్టే ముందు, వండబోయే గింజల్లో నుంచి ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండలోది గుడికి తెస్తుంది.

దీని లెక్క చూడండి. గుప్పెడు తీసేది వండేవాటిలో నుంచి. ఆ పూట వంట లేకపోతే గుప్పెడూ లేదు, బాకీ కూడా లేదు. ఎక్కువ వండే ఇంట్లో రెండు గుప్పెళ్ళు తీయవచ్చు. కుండ ఖాళీ అయ్యేలా ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే ముందు పిల్లలకు వండాలి. కుప్పలో కలిపాక ఎవరి గింజ ఏదో ఎవరూ చెప్పలేరు. బోర్డు మీద రాయడానికి ఏమీ ఉండదు. ఇలాంటి జనం ఉన్న డోర్నకల్‌లోనే, ఏళ్ళ తరబడి ఆగుతూ సాగుతూ కట్టిన కథీడ్రల్‌ను 1939 జనవరిలో ప్రతిష్ఠించారు. గుడి స్తంభాలూ గుమ్మటాలూ మన దేశపు గుడి, మసీదుల పోలికతో ఉంటాయి. కాజీపేట వైపు పెళ్ళిళ్ళకు వెళ్ళేవాళ్ళు ఒకసారి దిగి చూడండి.

దీనిలో లోపం లేదని కాదు. బియ్యం పురుగు పడుతుంది, కొలిచేవాడు తప్పు కొలవవచ్చు, వారం వారం అమ్మి లెక్క రాయడం పెద్ద పని. హాలు స్లాబు గుప్పెడు బియ్యంతో పడదు అని మన కోశాధికారి గారు అంటారు, నిజమే. సిమెంటుకు కాంట్రాక్టరు గారి 51,000 కావాలి. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆయన మంచి మనసుతోనే ఇచ్చారు. ఆయన డబ్బూ ఆవిడ డబ్బూ ఒకే స్లాబులో కలిసిపోయాక, హాలు తలుపు ఇద్దరికీ ఒకేలా తెరుచుకోవాలి అంటున్నాను, అంతే.

అందుకని కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాను, మీకూ చెప్తున్నాను. 11,000 గీత తీసేయాలి. చావు దినాలకు, నిరాధార్, విధవ, వృద్ధాప్య పెన్షన్ మీద బతికే సభ్యుల ఇంటి కార్యాలకు హాలు ఉచితంగా ఇవ్వాలి, కరెంటుతో సహా. ఆ ఖర్చు ఏడాదికి ఎంత అవుతుందో లెక్క నేను వేసి పెడతాను, పెళ్ళిళ్ళ అద్దె కొంచెం పెంచితే సరిపోతుంది. గ్రానైట్ బోర్డు మీద పేర్లు అక్షరక్రమంలో ఉండాలి, అంకెలు వద్దు. అంకెలన్నీ లెక్కల పుస్తకంలో ఉంటాయి, ఏ సభ్యుడైనా వచ్చి చూడవచ్చు. దానిలో దాపరికం ఉండకూడదు. ఇచ్చినవారి పేరు దాచడం వేరు, ఖర్చు దాచడం వేరు. ఈ తేడా తెలియని సంఘాలు మునిగాయి. ఇంక రసీదు రాసేవాడు, అంటే నేను, పెన్షన్ మీద ఉన్నవాళ్ళు ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వబోతే, ఇప్పుడు యాభై ఇవ్వండి, వచ్చే నెల చూద్దాం అని చెప్తాను. వాళ్ళు ఒప్పుకోకపోతే పూర్తిగా తీసుకుంటాను, మైకులో చెప్పను.

రహస్యాల గది మాటకు వస్తే, ఆఫీసు గదిలో పాత ఇనుప పెట్టె ఒకటి ఉంది. దానికి సన్నని చీలిక పెట్టి, తాళం చెవులు రెండు చేసి, ఒకటి కోశాధికారి దగ్గర, ఒకటి సభ్యుల్లో ఒక ఆడమనిషి దగ్గర ఉంచుదాం అన్నాను. మందులకు, ఫీజులకు అవసరం ఉన్నవాళ్ళు ఆ ఇద్దరికి చెప్తే చాలు. ఎంత వచ్చింది, ఎంత పోయింది అనేది సభలో చదువుతారు, ఎవరికి అనేది చదవరు. ఆ తాళం చెవి ఆ పెద్దావిడ దగ్గర ఉండాలని నా కోరిక. అడిగాను. "నాకు సదువు రాదు తమ్మీ" అన్నారు. ఎవరికి ఇబ్బంది ఉందో తెలుసుకోవడానికి చదువు అవసరం లేదు అక్కా, రాసే పని నాది అన్నాను. ఆలోచిస్తానన్నారు.

కార్యదర్శి గారు నిన్న ఫోన్ చేశారు. బోర్డు చెక్కేవాడికి అడ్వాన్సు ఇచ్చేశారట, అంకెలు లేకుండా అంటే రేటు తగ్గిస్తాడా అని అడగాలన్నారు. అడిగి సమావేశంలో చెప్తారు. అందరూ రండి.